వేలెడంత బొమ్మలో కనబడే అక్షరం: ఒక చీనీ తోట వీడియోకు థంబ్‌నెయిల్ చేసిన తీరు

మా చిన్నాయన కొడుక్కి అనంతపురం జిల్లా నార్పల దగ్గర చీనీ తోట ఉంది. కాయ రాలుడు గురించి ఫోన్‌లో పన్నెండు నిమిషాల వీడియో తీసి, థంబ్‌నెయిల్ తానే చేసి నాకు పంపాడు. వెనక తోటంతా ఉంది. దాని మీద ఎర్ర అక్షరాల్లో "చీనీ తోటలో కాయ రాలిపోవడానికి ముఖ్య కారణాలు, నివారణ పద్ధతులు, పూర్తి వివరాలు" అని పది మాటలు. ఒక మూల వాడి మొహం, ఇంకో మూల బాణం గుర్తు. స్క్రీన్ నిండా తెరిస్తే బాగానే ఉంది. చానెల్ పేజీలో వీడియోల వరుసలో చూస్తే మాత్రం ఆకుల మీద చీమలు పాకినట్టుంది.

"అన్నా, అంతా రాయకపోతే లోపల ఏముందో జనాలకు ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

"వీడియో కింద పేరు ఉంటుంది కదరా. ఉన్నదాన్నే మళ్లీ బొమ్మలో ఎందుకు రాయడం?" అన్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని దాన్ని మొదటినుంచి మళ్లీ చేయడం మొదలుపెట్టాం. ఏ వరుసలో చేశామో అదే వరుసలో చెప్తాను.

ముందు ఒక లెక్క: ఏడున్నరతో భాగించడం

యూట్యూబ్ అడిగే కొలత 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 ఎత్తు. మనం పనిచేసేది ఆ పెద్ద బొమ్మ మీద. చూసేవాళ్లకు కనబడేది అది కాదు. కంప్యూటర్‌లో వీడియో పక్కన వరుసగా వచ్చే బొమ్మ వెడల్పు దాదాపు 168 పిక్సెళ్లు. ఫోన్‌లో హోమ్ పేజీలో బొమ్మ స్క్రీన్ వెడల్పంతా వస్తుంది కాబట్టి అక్కడ బాధ లేదు. చానెల్ వీడియోల జాబితా, ప్లేలిస్టు, ఇంతకుముందు చూసినవాటి వరుస, వీటిలో మాత్రం వేలెడంతే. ఫోన్ స్క్రీన్‌లో చుక్కలు ఎక్కువే ఉన్నా కంటికి అందే కొలత చిన్నదే.

1280ని 168తో భాగిస్తే ఏడున్నర దాటుతుంది. అంటే పెద్ద బొమ్మ మీద 8 పిక్సెళ్ల సందు చిన్న బొమ్మలో ఒక్క చుక్క అవుతుంది. అంతకంటే ఇరుకైన సందు ఏదైనా పూడిపోయినట్టే. పెద్ద బొమ్మలో 60 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం అక్కడ 8 చుక్కలకు దిగుతుంది. 8 చుక్కల్లో ఇంగ్లిష్ పెద్దక్షరం ఎలాగో నిలబడుతుంది. గుడి, ఏత్వం, ఒత్తు మోసే తెలుగు అక్షరానికి ఆ చోటు చాలదు. ఇంగ్లిష్ థంబ్‌నెయిల్ చూసి అదే సైజులో తెలుగు రాస్తే చదవలేకపోవడానికి కారణం ఇదే.

మాటలు ఏరడం

ఎక్కువ సేపు పట్టింది దీనికే. పది మాటల్లో ఏవి తీసేయవచ్చో ఒక్కొక్కటే చూశాం.

"పూర్తి వివరాలు" ఏ వీడియో మీదైనా అతికే మాట, ముందు అది పోయింది. "ముఖ్య కారణాలు", "నివారణ పద్ధతులు" కింద పేరులో ఎలాగూ ఉంటాయి. "తోటలో" అని రాయనక్కర్లేదు, తోట బొమ్మలో కనబడుతోంది. ఇక మిగిలింది "చీనీ". ఇక్కడ మావాడు గట్టిగా పట్టుబట్టాడు. మన జిల్లాలో చీనీ అంటాం, కోస్తాలోనూ తెలంగాణలోనూ బత్తాయి అంటారు. చీనీ అని రాస్తే అవతలివాళ్లకు వెంటనే తట్టదు, బత్తాయి అని రాస్తే మనవాళ్లకే పరాయిగా ఉంటుంది. కాయ బొమ్మ పెద్దదిగా పెడితే రెండూ రాయనక్కర్లేదు, చూసినవాడు తన మాటలోనే చదువుకుంటాడు. వెతికేవాళ్ల కోసం రెండు పేర్లూ వీడియో టైటిల్‌లో పెట్టాం.

మిగిలింది కాయ రాలుడు. "కాయ రాలుతోందా?" అని రాసి చూశాం. చివరికి "కాయ రాలితే?" దగ్గర ఆగాం. రెండు మాటలు, ఐదు అక్షరాలు, ఒక ప్రశ్న గుర్తు. మూడు మాటలు దాటితే అక్షరం సైజు తగ్గించక తప్పదు. అందుకే మూడు నా హద్దు.

మాట ఎంత పొట్టిదో చూడటంతో పాటు దాని కింద ఎన్ని ఒత్తులున్నాయో కూడా చూడాలి. ఒత్తు సాధారణంగా అక్షరంలో సగం సైజులో, సన్నటి గీతలతో ఉంటుంది. అక్షరం ఒళ్లు చిన్న బొమ్మలో 20 చుక్కలుంటే ఒత్తుకు మిగిలేది పది. అది త వత్తో న వత్తో కన్ను తేల్చుకోలేదు. పైగా ఒత్తు కిందికి దిగుతుంది కాబట్టి రెండో వరుస ఇంకా కిందికి జరుగుతుంది, ఆ మేరకు అన్ని అక్షరాలూ చిన్నవవుతాయి. కాబట్టి ఒత్తుల్లేని మాట దొరికితే దాన్నే తీసుకోండి. "ఉత్పత్తి" బదులు "దిగుబడి", "విద్యుత్" బదులు "కరెంటు", "వ్యవసాయం" బదులు "సాగు". వీటిలో చాలావరకు మనం నోటితో అనే మాటలే కావడం ఒక సుఖం.

ఒక చుక్కతోనో చిన్న గీతతోనో తేడా వచ్చే అక్షరాల దగ్గర కూడా జాగ్రత్త. ద, ధ, థ మూడూ చిన్న బొమ్మలో ఒకటే అవుతాయి. బ, భ కూడా అంతే. మాట మొత్తంగా చూస్తే అర్థమైపోతుందంటే పర్వాలేదు. ఆ అక్షరం మీదే అర్థం ఆధారపడితే ఇంకో మాట వెతకండి.

ఫొటో

మొదటి ఫొటోలో తోటంతా ఉందని చెప్పాను. ఎండలో చెట్టు ఆకుల ఫొటో అక్షరాలకు మహా శత్రువు. ఒక ఆకు మీద ఎండ తళుక్కుమంటుంది, పక్క ఆకు నీడలో నల్లగా ఉంటుంది. తెల్ల అక్షరం పెడితే ఎండ పడిన చోట మాయమవుతుంది, నల్ల అక్షరం పెడితే నీడలో మాయమవుతుంది. మొత్తం మీద తేడా బాగుందని సంతోషించి లాభం లేదు. ఒక్క చోట అక్షరం తెగినా మాట తెగినట్టే.

అందుకని మర్నాడు పొద్దున ఎండ ముదరకముందే తోటలోకి వెళ్లి ఇంకో ఫొటో తీశాడు. రాలిన కాయ ఒక్కటి, చుట్టూ ఆకులూ పుల్లలూ ఊడ్చేసిన ఎర్రమట్టి. గొంతుక్కూర్చుని అడుగున్నర దూరం నుంచి తీయాలి, కాయ ఫ్రేములో కుడివైపు సగంలో ఉండాలి, ఎడమ సగం ఉత్త నేల ఉండాలి, నేను చెప్పింది ఇంతే. ఫోన్ అడ్డంగా పట్టుకోమని చెప్పడం మర్చిపోయాను, మొదటిసారి నిలువుగా తీసుకొచ్చాడు. నల్లరేగడి ఉన్న కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు వైపు వాళ్లకు ఇక్కడ కొంత పని తగ్గుతుంది, నేలే నల్లటి పలకలా పనికొస్తుంది. మా ఎర్రనేల మధ్యరకం వెలుగులో ఉంటుంది. దాన్ని కొంచెం చీకటి చేసుకోవాలి.

ఎలాగంటే, ఎడమ సగం మీద నల్లటి దీర్ఘచతురస్రం ఒకటి గీసి, ఒపాసిటీ 75 శాతం దగ్గర పెట్టి, కాయ వైపు అంచు మెల్లగా కరిగిపోయేలా గ్రేడియంట్ ఇచ్చాం. మట్టి గరుకు లీలగా కనబడుతుంది, అక్షరాలకు అడ్డం రాదు. వాడి మొహం, బాణం రెండూ తీసేశాం. మొహం తీసేసినందుకు కాసేపు అలిగాడు.

ఫాంటు, సైజు

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో లావైన తెలుగు అక్షరాలకు Ramabhadra, Anek Telugu, Noto Sans Telugu చాలు. Ramabhadra ఒకే బరువులో వస్తుంది, శీర్షికలకని చేసిందే. Anek Telugu లో బరువు 100 నుంచి 800 దాకా మనమే ఎంచుకోవచ్చు. ఒత్తుల్లేని పొట్టి మాటకు 800 పెడతాను, ఒత్తు తప్పనప్పుడు 700కు దిగుతాను. లావు పెరిగేకొద్దీ గీతల మధ్య సందులు మూసుకుపోతాయి కదా, అందుకు.

యాప్‌లో ఉండే బోల్డ్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఫాంటులో అసలు లావు రూపం లేకపోతే చాలా యాప్‌లు ఉన్న గీతనే ఉబ్బించి చూపిస్తాయి. అప్పుడు ఏమవుతుందో 'ప'తో చూస్తే తెలుస్తుంది. తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటే అది ప, తగిలితే వ. ఉబ్బిన గీత ఆ సందు పూడ్చేస్తుంది, "పాలు" కాస్తా "వాలు" అయిపోతుంది. లావైన ఫాంటును వేరే ఫైలుగా దించుకుని వాడితే ఈ గొడవ ఉండదు, గీసినవాళ్లు ఆ సందును చూసుకునే గీసి ఉంటారు.

ఇక సైజు. అక్షరం ఒళ్లు, అంటే గుడి, ఒత్తు లెక్కలోకి తీసుకోకుండా క అంత ఎత్తు, 150 పిక్సెళ్లు ఉండేలా చూస్తాను. ఏడున్నరతో భాగిస్తే 20 చుక్కలు. యాప్‌లో ఫాంట్ సైజు 150 అని కొడితే మాత్రం ఒళ్లు 150 రాదు, ఆ అంకెలో పైన గుడికీ కింద ఒత్తుకూ వదిలిన చోటు కూడా కలిసి ఉంటుంది. అందుకే అంకె చూడకుండా 150 పిక్సెళ్ల ఎత్తు పెట్టె ఒకటి గీసి పక్కన పెట్టుకుని, క దానికి సరిపోయేదాకా అక్షరాలను పెంచుతాను. పనైపోయాక పెట్టె తీసేయడమే.

"కాయ" పైన, "రాలితే?" కింద, రెండు వరుసలు. వెడల్పు తేల్చేది పొడుగైన మాట, అంటే "రాలితే?". అది ఎడమ సగంలో పట్టేదాకా సర్దాం. "కాయ" కింద ఒత్తు లేదు కాబట్టి రెండో వరుసను దగ్గరగా పైకి జరపగలిగాం. అయినా లి మీది గుడి, తే మీది ఏత్వం పై వరుసకు తగలకుండా కనీసం 20 పిక్సెళ్ల ఎడం వదిలాం.

ఒక పక్క మాట. కొట్టిన తెలుగులో ఒత్తు కిందికి దిగకుండా పక్కన పొల్లుతో విడిగా పడుతుంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలు కలపడం చేతకావట్లేదన్నమాట. పాత ఫొటోషాప్‌లో ఇది తరచూ జరుగుతుంది, టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఐచ్ఛికం ఆన్ చేస్తే సర్దుకుంటుంది. ఫ్లెక్సీ షాపుల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఫోన్‌లో కొట్టిన మాట వాటిలో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి.

రంగు: వెలుగు తేడా చూడాలి

మావాడు ఎర్ర అక్షరాలు ఎందుకు పెట్టాడంటే, ఆకుపచ్చ మీద ఎరుపు కొట్టొచ్చినట్టు కనబడుతుందని. పెద్దగా చూస్తే నిజమే. కానీ చిన్న గీతల్ని కన్ను రంగు తేడాతో కంటే వెలుగు తేడాతో బాగా గుర్తుపడుతుంది. ఎరుపు, ముదురు ఆకుపచ్చ రంగులు వేరైనా వెలుగు దాదాపు ఒకటే.

దీనికి కొలత ఉంది. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టుకున్న ప్రమాణంలో రెండు రంగుల వెలుగు తేడాను 1 నుంచి 21 దాకా అంకెతో చెప్తారు. నలుపు మీద తెలుపు 21. నలుపు మీద అచ్చ ఎరుపు 5 చిల్లర. ముదురు ఆకుపచ్చ మీద ఎరుపు 1.3, అంటే తేడా దాదాపు లేనట్టే. నేను వాడే పసుపు #FFE600, నలుపు మీద 16 దాటుతుంది. అదే పసుపును తెల్ల చొక్కా మీదో మబ్బు మీదో పెడితే 1.3కే పడిపోతుంది. మంచి రంగు అని విడిగా ఒకటి ఉండదు, ఎప్పుడైనా జతనే చూడాలి. అంకెలు అక్కర్లేదనుకుంటే బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. మావాడి మొదటి బొమ్మను అలా మార్చగానే అక్షరాలు ఆకుల్లో కలిసిపోయాయి, ఇంక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

ఎరుపుకు ఇంకో చిక్కు కూడా ఉంది. జేపెగ్ లాంటి ఫైళ్లు స్థలం మిగల్చడానికి సాధారణంగా వెలుగును పూర్తి వివరంతో దాచి, రంగును సగం వివరంతోనే దాస్తాయి. మనం పెట్టిన బొమ్మను యూట్యూబ్ మళ్లీ కుదించి చూపిస్తుంది. కేవలం రంగు తేడా మీద నిలబడ్డ ఎర్ర అక్షరం అంచులు అప్పుడు అలుక్కుపోతాయి. నలుపు మీది పసుపుకు వెలుగు తేడా ఉంది కాబట్టి అంచు పదునుగా ఉంటుంది. ఎరుపు కావాలనిపిస్తే దాన్ని వెనక పట్టీగా పెట్టి, మీద తెల్ల అక్షరం రాయండి. ఆ ఎరుపు కొంచెం ముదురుగా ఉండాలి, అచ్చ ఎరుపు మీద తెలుపు 4 దగ్గరే ఆగుతుంది.

అంచు గీత

పలక నల్లగా ఉన్నా, "రాలితే?" చివర ప్రశ్న గుర్తు గ్రేడియంట్ కరిగిపోయే చోటికి వచ్చింది. దానికోసం అక్షరాల చుట్టూ నల్ల గీత ఇచ్చాం. ఇందులో ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. చాలా యాప్‌లలో స్ట్రోక్ అని పెడితే గీత అక్షరం అంచు మీద కూర్చుంటుంది, సగం బయటికి, సగం లోపలికి. 24 పిక్సెళ్ల గీత పెడితే అక్షరం ప్రతి పక్కా 12 పిక్సెళ్లు సన్నబడుతుంది. లావు ఫాంటు వెతికి తెచ్చుకున్న ఫలితం అక్కడే పోయింది.

మేం చేసింది ఇది. అక్షరాల పొరను కాపీ చేసి రెండు చేశాం. కింది పొరకు 24 పిక్సెళ్ల నల్ల స్ట్రోక్. పై పొరకు ఏమీ లేదు, ఉత్త పసుపు. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే బయటికి కనబడేది 12 పిక్సెళ్ల గీత, చిన్న బొమ్మలో చుక్కన్నర. అది చాలు. మసక నీడలు, మెరుపులు వద్దు, చిన్నబడితే అవి మరకల్లా ఉంటాయి.

కుడి కింది మూల

వీడియో నిడివి చూపించే నల్ల పెట్టె అక్కడే కూర్చుంటుంది. బొమ్మ చిన్నదైనంత మాత్రాన ఆ పెట్టె అంతగా చిన్నది కాదు, అంకెలు చదవాలి కదా. అందుకే చిన్న బొమ్మలో అది చాలా చోటు తింటుంది. పెద్ద బొమ్మ మీద కుడి కింద 320 వెడల్పు, 160 ఎత్తు ఖాళీగా వదులుతాను. సగం చూసి ఆపిన వీడియోకు కింది అంచున ఎర్ర గీత కూడా వస్తుంది, కాబట్టి అక్షరాలను కింది అంచుకు ఆనించవద్దు. మా కాయ మూలకు మరీ దగ్గరగా ఉంటే కొంచెం పైకి జరిపాం.

చూసుకోవడం

కంప్యూటర్ మీద ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మలు మార్చే ప్రోగ్రాం ఉన్నవాళ్లు ఈ ఒక్క లైనుతో బొమ్మను చిన్నదిగా, రంగు లేకుండా చేసి చూడవచ్చు:

```
magick thumb.png -resize 168x -colorspace Gray chinna.png
```

వచ్చిన బొమ్మను పెద్దది చేయకుండా ఉన్న సైజులోనే చూడాలి. జూమ్ చేసి "కనబడుతోందిలే" అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఫోన్ మాత్రమే ఉంటే ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. మీలాంటి వీడియోలు చేసే ఏదైనా చానెల్‌లో వీడియోల జాబితా తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి. అందులో ఒక బొమ్మ మీద మీ థంబ్‌నెయిల్‌ను అదే సైజులో అతికించండి. ఇప్పుడది పక్కవాటి మధ్య ఎలా ఉందో తెలుస్తుంది. చుట్టూ ఉన్నవన్నీ పసుపు అక్షరాలే అయితే మీరు తెలుపుకు మారవచ్చు. ఆ స్క్రీన్‌షాట్‌ను వీడియో సంగతి తెలియని మనిషికి చూపించి, వెంటనే ఫోన్ వెనక్కి తీసుకుని "ఏం రాసుంది?" అని అడగండి. మీరే చూసుకుని లాభం లేదు, రాసింది మీరే కాబట్టి మీ కన్ను అలుక్కుపోయిన అక్షరాన్ని కూడా చదివేస్తుంది. మేం మా చిన్నాయనకు, అద్దాలు తీసేయించి, చెయ్యి చాచినంత దూరంలో చూపించాం. పాత బొమ్మకు "ఏందో తోట" అన్నాడు. కొత్తదానికి "కాయ రాలితే" అని చదివి, "రాలితే ఏం చేయాలంటావు?" అని అడిగాడు.

తర్వాత ఫోన్ పట్టుకుని ఎండలోకి వెళ్లాం. రైతు ఈ వీడియో చూసేది చాలాసార్లు పొలం గట్టు మీదే. ఎండ వెలుగు స్క్రీన్ మీద పడితే నలుపు బూడిద రంగులోకి తేలుతుంది, తేడా పడిపోతుంది. ఇంట్లో 75 శాతం చాలనిపించిన పలక అక్కడ పలచగా కనబడింది. తిరిగొచ్చి 85 చేశాం.

ఫైలు 2 ఎంబీ లోపు ఉండేలా దాచుకుంటే ఎక్కడినుంచి పెట్టినా చిక్కు రాదు. సొంత థంబ్‌నెయిల్ పెట్టే వీలు కనబడకపోతే, చానెల్‌కు ఫోన్ నంబరు వెరిఫై అయిందో లేదో చూసుకోండి. పెట్టాక యూట్యూబ్ దాన్ని కుదించి ఎలా చూపిస్తోందో కింది చిరునామాలో కనబడుతుంది. VIDEO_ID ఉన్న చోట మీ వీడియో లింకులోని పదకొండు అక్షరాల గుర్తు పెట్టాలి:

```
https://i.ytimg.com/vi/VIDEO_ID/mqdefault.jpg
```

ఇది 320 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ. ఇందులో పసుపు అంచుల చుట్టూ మురికి చుక్కలు కనబడితే, మీరు పెట్టిన ఫైలే ముందే బాగా కుదించినదై ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకున్న ఫైలు పెడితే ఇలాగే అవుతుంది. మావాడు అదే చేశాడు. డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించుకుని పెట్టాక, కాసేపు పాత బొమ్మే కనబడింది, తర్వాత మారింది.